పొగ ఫ్యాన్ వేగం తగ్గిస్తే డ్రైవ్ ట్రిప్: విశాఖ ఆటోనగర్‌లో నా అనుభవం

విశాఖ ఆటోనగర్‌లో ఒక ఫౌండ్రీలో ఫర్నేస్ పొగను లాగే ఫ్యాన్ ఉంది. 415 వోల్టుల మీద నడిచే 110 కిలోవాట్ల మోటారు, ఆరు పోళ్లది, నిమిషానికి సుమారు 990 చుట్లు. పొగ బ్యాగ్ ఫిల్టర్ గుండా వెళ్లి చిమ్నీ ఎక్కుతుంది. ఏళ్ల తరబడి ఆ ఫ్యాన్ స్టార్ డెల్టా స్టార్టర్ మీద ఒకటే వేగంతో తిరిగింది. గాలి తగ్గించాలంటే డ్యాంపర్ మూసేవారు. కరెంటు ఖర్చు తగ్గుతుందని, మోటారుకి వెళ్లే ఫ్రీక్వెన్సీని మార్చి వేగం మార్చే డ్రైవ్ దానికి పెట్టారు. ఇనుము కరిగేటప్పుడు 48 హెర్ట్జ్, ఒక హీటు, అంటే ఒక విడత కరిగిన ఇనుము, పోసేశాక తర్వాతి హీటు మొదలయ్యేదాకా 20 హెర్ట్జ్. ఏర్పాటు బాగానే ఉంది. చిక్కల్లా 48 నుంచి 20కి దిగడంలోనే వచ్చింది. దిగే దారిలో డ్రైవ్ ‘డీసీ ఓవర్‌వోల్టేజ్’ ఫాల్ట్ చూపించి ఆగిపోయేది. ఫ్యాన్ ఆగితే షెడ్డంతా పొగ.

నన్ను పిలిచేసరికే యజమాని చేతిలో ఒక కొటేషన్ ఉంది: మోటారు నుంచి వెనక్కి వచ్చే శక్తిని రెసిస్టర్లలో వేడిగా పోగొట్టే బ్రేకింగ్ చాపర్, దాని రెసిస్టర్ బ్యాంకు, కేబుళ్లు, పని కూలి. సంతకం పెట్టే ముందు ఇంకొకరి మాట విందామనుకున్నారు. ఫ్యాన్ దగ్గర ఎప్పటినుంచో పనిచేస్తున్న పెద్దాయన నన్ను చూడగానే తన బాధ చెప్పుకున్నారు.

‘‘ఏటి బాబూ ఇది, ఎక్కేటప్పుడు ఏ గొడవా లేదు. దిగేటప్పుడే పడిపోతాది. డ్యాంపర్ ముందే మూసేస్తే బరువు తగ్గుద్ది కదా అని మూసి చూసినాను. అప్పుడింకా తొందరగా పడిపోతంది.’’

రోగనిర్ధారణలో సగం ఆ ఒక్క మాటలోనే ఉంది. ఆయన మాటను పట్టుకునే మిగతా పనంతా సాగింది.

మొదట డ్రైవ్ ఫాల్ట్ హిస్టరీ తెరిచాను. మామూలుగా అందరూ ఫాల్ట్ పేరు చూసి మూసేస్తారు. ఆ ఫాల్ట్ వచ్చిన క్షణంలో అవుట్‌పుట్ ఫ్రీక్వెన్సీ ఎంత, డ్రైవ్ లోపల లైను కరెంటు డీసీగా మారి నిలిచే చోటు, అంటే డీసీ బస్, ఎన్ని వోల్టుల మీద ఉంది అన్నది కూడా చాలా డ్రైవ్‌లు గుర్తుపెట్టుకుంటాయి. ఇక్కడ బస్ 810 వోల్టుల పైన ఉంది, ఫ్రీక్వెన్సీ దాదాపు ప్రతిసారీ 25 హెర్ట్జ్‌కి అటూ ఇటూ. కొన్ని మాత్రం 38, 39 దగ్గర ఉన్నాయి. పెద్దాయనని అడిగితే డ్యాంపర్ మూసి చూసిన సందర్భాలు అవేనని తేలింది.

సప్లై వోల్టేజ్ ఎక్కువై ఈ ఫాల్ట్ వస్తోందేమోనన్న అనుమానం ముందే తీర్చుకోవాలి. 415 వోల్టులు ఉన్నప్పుడు, మోటారు నడవనంతసేపు బస్ 415 × 1.414, అంటే 587 వోల్టుల దగ్గర ఉంటుంది. లోడు మీద 560 దాకా దిగుతుంది. ఇక్కడ ఆగి ఉన్నప్పుడు 590 చూపించింది. ఒకవేళ రాత్రిపూట లైను 450కి పెరిగినా బస్ 636 దాటదు, ట్రిప్ గీత 810 ఇంకా చాలా పైనే ఉంటుంది. పైగా ఒకే వేగంతో నడుస్తున్నప్పుడు ఈ ఫాల్ట్ ఒక్కసారీ రాలేదు. అంటే బస్‌ని పైకి నెట్టేది లైను కాదు, ఫ్యానే.

ఫ్యాన్ ఎలా నెడుతుంది? డ్రైవ్ ఫ్రీక్వెన్సీని దించినప్పుడు మోటారులో తిరిగే అయస్కాంత క్షేత్రం వెంటనే నెమ్మదిస్తుంది. బరువైన ఇంపెల్లర్ అంత త్వరగా నెమ్మదించదు. రోటరు క్షేత్రాన్ని మించి తిరిగిన క్షణం నుంచి మోటారు జనరేటర్ అవుతుంది. ఆ కరెంటు ఇన్వర్టరులోని డయోడ్ల మీదుగా డీసీ బస్‌లోకి వస్తుంది. ఇటు లైను వైపున్నదేమో మామూలు డయోడ్ బ్రిడ్జి, దాని గుండా విద్యుత్తు లోపలికి రాగలదు గానీ వెనక్కి పోలేదు. వచ్చినదంతా బస్ కెపాసిటర్లలోనే పోగుపడాలి.

ఆ కెపాసిటర్లు ఎంత పట్టగలవో లెక్కేస్తే ఈ ఫాల్ట్ అంత హఠాత్తుగా ఎందుకు వస్తుందో అర్థమవుతుంది. ఫ్యాన్ డ్రాయింగులో GD² 600 అని ఉంది. ఇక్కడ ఒక జాగ్రత్త: పాత డ్రాయింగుల్లో ఇచ్చే GD²ని నాలుగుతో భాగిస్తేనే లెక్కల్లో వాడే జడత్వ భ్రామకం J వస్తుంది. అది మరిచిపోతే రెసిస్టర్ లెక్క నాలుగింతలవుతుంది. మన ఫ్యాన్‌కి J 150 కిలోగ్రామ్ మీటర్ స్క్వేర్. మోటారు ఫ్యాన్‌కి నేరుగా కపుల్ అయి ఉంది కాబట్టి పుల్లీల నిష్పత్తి గొడవ లేదు. నిమిషానికి 990 చుట్లంటే సెకనుకి 103.7 రేడియన్లు. ½Jω² ప్రకారం తిరుగుతున్న ఇంపెల్లర్‌లో దాదాపు 806 కిలోజౌళ్ల శక్తి ఉంటుంది. ఆ డ్రైవ్ బస్‌లో ఉన్నవి సుమారు 5,000 మైక్రోఫారడ్ల కెపాసిటర్లు. 590 నుంచి 810 వోల్టులకి చేరేలోపు అవి పట్టేది దాదాపు 770 జౌళ్లు. చెరువు నీళ్లని చెంబులో పట్టాలనుకోవడమే. ఫ్యాన్ దగ్గరున్న శక్తిలో వెయ్యో వంతు బస్‌లోకి వచ్చినా చాలు, ట్రిప్.

మరి అలాంటప్పుడు 48 నుంచి దిగడం మొదలుపెట్టగానే ఎందుకు ట్రిప్ కాలేదు? 25 దాకా ఎందుకు వచ్చింది? నా దృష్టిలో ఈ సమస్య మొత్తానికి తాళంచెవి ఈ ప్రశ్న. ఫాల్ట్ పేరు చూసి రెసిస్టర్ రాసిచ్చేవాళ్లు దీన్ని అడగడం లేదు.

లాప్‌టాప్ తగిలించి ఒక దిగుడు మొత్తం ట్రెండ్ తీశాను. 48 నుంచి వేగం తగ్గడం మొదలైనప్పుడు బస్ కదల్లేదు, 560 పైచిలుకు దగ్గరే నిలిచింది. మోటారు కరెంటు మాత్రం తగ్గుతూ వచ్చింది. 30 హెర్ట్జ్ దాటాక బస్ మెల్లగా 590కి ఎక్కింది, అంటే మోటారు లైను నుంచి తీసుకోవడం దాదాపు మానేసింది. 27 దిగాక అవుట్‌పుట్ పవర్ ముందు మైనస్ గుర్తు వచ్చింది. అక్కడి నుంచి రెండు సెకన్ల లోపే బస్ 650, 700, 810. ఫాల్ట్.

దీనికి కారణం గాలి. సెంట్రిఫ్యూగల్ ఫ్యాన్ గాలిని తోసేటప్పుడు దాని మీద పడే టార్క్ వేగం వర్గంతో మారుతుంది. నిండు వేగంలో గాలే పెద్ద బ్రేకు. మోటారు తోడు లేకపోతే ఫ్యాన్ వేగం దానంతటదే వేగంగా పడిపోతుంది, కాబట్టి డ్రైవ్ దింపుతున్నా మోటారు ఇంకా కొంచెం తోస్తూనే ఉండాలి. సగం వేగానికి వచ్చేసరికి ఆ గాలి బ్రేకు పావు వంతే. డ్రైవ్ మాత్రం పైనా కిందా ఒకటే చొప్పున ఫ్రీక్వెన్సీ దించుతూ పోతుంది. ఎక్కడో ఒకచోట డ్రైవ్ అడిగే చొప్పు ఫ్యాన్ సహజంగా దిగే చొప్పుని దాటుతుంది. ఆ తేడాని మోటారు బ్రేకు వేసి పూడ్చాలి. బస్ పెరిగేది అక్కడి నుంచే.

ఆ చోటు ఎక్కడో తెలుసుకోవడానికి డ్రాయింగు కూడా అక్కర్లేదు, స్టాప్‌వాచ్, టాకోమీటర్ చాలు. హీట్లు లేని సమయం చూసి డ్యాంపర్ పూర్తిగా తెరిచి ఫ్యాన్‌ని 50 హెర్ట్జ్‌కి తీసుకెళ్లాం. అప్పుడు డ్రైవ్ చూపిన పవర్ 80 కిలోవాట్ల దగ్గర ఉంది. ఆపే పద్ధతిని కోస్ట్‌కి మార్చి స్టాప్ నొక్కాను. డ్రైవ్ చెయ్యి వదిలేస్తుంది, ఫ్యాన్ తన దారిన తాను దిగుతుంది. పెద్దాయన షాఫ్టు దగ్గర టాకో పట్టుకున్నారు. వేగం సగానికి రావడానికి దాదాపు 20 సెకన్లు పట్టింది. 80 కిలోవాట్లు, J 150 వేసి కాగితం మీద లెక్కిస్తే కూడా అంతే వచ్చింది, అంటే డ్రాయింగు నమ్మదగినదే.

వర్గం ప్రకారం పడే బ్రేకు కింద సగం వేగానికి 20 సెకన్లు పట్టిందంటే, నిండు వేగంలో ఫ్యాన్ సహజంగా దిగే చొప్పు 50ని 20తో భాగిస్తే వచ్చేది, అంటే సెకనుకి 2.5 హెర్ట్జ్. 40 హెర్ట్జ్ దగ్గర అది 1.6 అవుతుంది. 25 దగ్గర 0.63కి, 20 దగ్గర 0.4కి పడిపోతుంది. డ్రైవ్‌లో డిసెలరేషన్ టైమ్ 60 సెకన్లు పెట్టి ఉంది. ఆ టైమ్ 50 నుంచి సున్నాకి పట్టేది, కాబట్టి డ్రైవ్ అడిగే చొప్పు ఎక్కడైనా సెకనుకి 0.83 హెర్ట్జే. పైన ఫ్యాన్ అంతకంటే వేగంగా దిగగలదు, కింద దిగలేదు. రెండూ సమానమయ్యే ఫ్రీక్వెన్సీ ఇలా వస్తుంది:

```
f = 50 × √(T / t)
```

ఇందులో T అంటే కోస్ట్‌లో వేగం సగమవడానికి పట్టిన సెకన్లు, t అంటే డ్రైవ్‌లో పెట్టిన డిసెలరేషన్ టైమ్. 20ని 60తో భాగించి వర్గమూలం తీస్తే 0.58, అంటే 29 హెర్ట్జ్. అక్కడి నుంచి కిందకి మోటారు బ్రేకు వేయడం మొదలవుతుంది. వెంటనే ట్రిప్ కాకపోవడానికి కారణం మోటారు నష్టాలు. వైండింగు వేడి, కోరు నష్టం, బేరింగు రాపిడి కలిపి ఆ వేగంలో నా అంచనాకి రెండు కిలోవాట్ల పైచిలుకు అవే మింగేస్తాయి. 25 దగ్గరికి వచ్చేసరికి ఫ్యాన్ నుంచి తిరిగి వచ్చేది 3.4 కిలోవాట్లవుతుంది. మిగిలిన ఒక కిలోవాటు బస్‌లోకి పోతే 770 జౌళ్లు నిండడానికి ఒక్క సెకను కూడా పట్టదు. ఫాల్ట్ హిస్టరీలో కనిపించిన 25, ట్రెండ్‌లో చూసిన రెండు సెకన్లు, ఈ లెక్క, మూడూ ఒకేచోట కలిశాయి.

పెద్దాయన డ్యాంపర్ మాటకీ ఇక్కడే సమాధానం దొరికింది. డ్యాంపర్ మూస్తే ఫ్యాన్ తోసే గాలి తగ్గుతుంది, తీసుకునే పవర్ కూడా తగ్గుతుంది. ఎక్కేటప్పుడు అది మేలే. అందుకే పాత స్టార్టర్ రోజుల్లో డ్యాంపర్ మూసి స్టార్ట్ చేయడం సరైన పద్ధతి. దిగేటప్పుడు మాత్రం మనకున్న ఒకే ఒక ఉచిత బ్రేకుని మనమే సగం తీసేసినట్టు అవుతుంది. గాలి బ్రేకు సగమైతే T 40 సెకన్లవుతుంది, 60 సెకన్ల టైముకి సమానమయ్యే చోటు 41 హెర్ట్జ్‌కి ఎక్కేస్తుంది. హిస్టరీలో 38, 39 దగ్గర కనిపించిన ట్రిప్పులు అవే. ఈ విషయం చెప్పగానే ఆయన అన్నారు: ‘‘అయితే బాబూ, బ్యాగులు మసి పట్టినప్పుడు కూడా ఇలాగే కదా?’’ నిజమే. బ్యాగులు పూడుకుపోతే గాలి తగ్గుతుంది. గాలి వేడిగా ఉన్నా అంతే: 30 డిగ్రీల గాలితో పోలిస్తే 100 డిగ్రీల గాలి సాంద్రత ఐదింట నాలుగు వంతులే. ఖాళీ సమయంలో చల్లగాలి మీద పరీక్షించి సరిపోయిందనుకున్న సెట్టింగ్, వేడి పొగ మీద సరిపోకపోవచ్చు.

ఇక మందు సంగతి. ముందుగా ఆ ప్లాంటుకి ఏం కావాలో తేల్చుకోవాలి. వాళ్లకి ఫ్యాన్ 30 సెకన్లలో ఆగిపోవాల్సిన అవసరం ఏదీ లేదు. హీటు పోసేశాక ఒక నిమిషం అటూ ఇటూ 20కి దిగితే చాలు. పూర్తిగా ఆపేటప్పుడు తొందర అసలే లేదు. ఇంత తెలిశాక చాపర్ కొటేషన్ పక్కన పెట్టమని చెప్పాను.

అన్నిటికంటే తేలిక మార్గం డిసెలరేషన్ టైమ్ పెంచడం. పై సూత్రాన్ని తిప్పి చూస్తే ఎంత కావాలో వస్తుంది. 20 హెర్ట్జ్ దాకా ఎక్కడా బ్రేకు పడకూడదంటే డ్రైవ్ అడిగే చొప్పు సెకనుకి 0.4కి మించకూడదు, అంటే టైమ్ కనీసం 125 సెకన్లు. కొంత మార్జిన్ వేసుకుంటే 150. వేడి గాలికి T 25 సెకన్లయినా 150 పెడితే సమానమయ్యే చోటు 20 దగ్గరికే వస్తుంది, నష్టాలు ఎలాగూ మనవైపే ఉన్నాయి. కానీ మొత్తం దిగుడికి 150 పెడితే 48 నుంచి 20కి 84 సెకన్లు పడుతుంది. పైభాగంలో గాలి బ్రేకు అంత బలంగా ఉన్నప్పుడు అక్కడ నెమ్మదిగా దిగడం వృథా. చాలా డ్రైవ్‌లలో రెండు డిసెలరేషన్ టైములు పెట్టి, ఒక ఫ్రీక్వెన్సీ దగ్గర ఒకదాని నుంచి ఇంకోదానికి మారమని చెప్పవచ్చు. ఆ సౌకర్యం లేని డ్రైవ్ అయితే దానికి ఆదేశాలిచ్చే పీఎల్‌సీలో వేగం రిఫరెన్సునే మెట్టుమెట్టుగా దించవచ్చు. ఇక్కడ 33 హెర్ట్జ్ దాకా 60 సెకన్ల చొప్పు, ఆ కింద 150 చొప్పు పెట్టాను. 48 నుంచి 33కి 18 సెకన్లు, అక్కడి నుంచి 20కి 39 సెకన్లు, మొత్తం 57 సెకన్లు. పాత సెట్టింగులో ట్రిప్ కాకుండా ఉంటే 34 సెకన్లు పట్టేది. ఆ 23 సెకన్ల తేడాకి ఒక రెసిస్టర్ బ్యాంకు కొనాలా అని యజమానిని అడిగాను. ఆయన కొటేషన్ మడిచి సొరుగులో పెట్టేశారు.

రెండో మార్పు డ్యాంపర్. వేగంతోనే గాలి తగ్గిస్తున్నప్పుడు డ్యాంపర్‌తో పనిలేదు. నడిచేటప్పుడు పూర్తిగా తెరిచి ఉండేలా, దిగే సమయంలో మూయడానికి వీలు లేకుండా ఇంటర్‌లాక్ వేయించాం.

మూడోది డ్రైవ్ లోపలే ఉండే ఓవర్‌వోల్టేజ్ కంట్రోల్. ఒక్కో కంపెనీ దీన్ని ఒక్కో పేరుతో పిలుస్తుంది. కొన్నిటిలో Vdc max కంట్రోలర్ అని, కొన్నిటిలో డిసెలరేషన్‌లో స్టాల్ ప్రివెన్షన్ అని కనిపిస్తుంది. పని ఒకటే: బస్ ఒక స్థాయి దాటుతుంటే ఫ్రీక్వెన్సీ దించడం ఆపుతుంది, అవసరమైతే కొంచెం పెంచుతుంది కూడా. బస్ తగ్గాక మళ్లీ దించుతుంది. ఈ డ్రైవ్‌లో అది ఆఫ్‌లో ఉంది, చాపర్ వస్తుందన్న ఉద్దేశంతో ముందే ఆఫ్ చేసి ఉంచారు. చాపర్ ఉన్నచోట దాన్ని ఆఫ్ చేయడం సరైనదే. లేకపోతే చాపర్ పనిచేసే వోల్టేజ్ రాకముందే ఈ కంట్రోలర్ దిగుడుని ఆపేస్తుంది, రెసిస్టర్ చల్లగా ఉండిపోతుంది. చాపర్ లేనిచోట మాత్రం అది ఆన్‌లో ఉండి తీరాలి. ఆన్ చేశాను.

‘‘దీన్ని ఆన్ చేస్తే చాలదా, ఆ రెండు టైముల లెక్క ఎందుకు సార్?’’ అని షిఫ్ట్ ఇన్‌చార్జి అడిగాడు. మంచి ప్రశ్నే. ఒట్టి దాని మీద ఆధారపడినా చాలాచోట్ల ట్రిప్ ఆగుతుంది. కానీ అప్పుడు ప్రతి దిగుడులోనూ బస్ పై అంచున వేలాడుతూ ఉంటుంది, మోటారు ఇన్సులేషన్ మీద పడే పల్సులు కూడా అంత ఎత్తువే. దిగడానికి ఎంతసేపు పడుతుందో డ్రైవ్ చేతిలోకి పోతుంది. ఇక్కడి పీఎల్‌సీలో ‘అడిగిన వేగం ఇంత టైములో రాలేదు’ అనే అలారం ఉంది, అది మోగుతుంది. కొన్ని సెట్టింగుల్లో కంట్రోలర్ ఆపుతూ వదులుతూ ఊగిసలాడితే ఆ కుదుపు కప్లింగ్ మీద పడుతుంది. దాన్ని నేను రోజువారీ బ్రేకుగా కాదు, లెక్క తప్పిన రోజు కాపాడే వలగా చూస్తాను. ఆ అలారం టైమ్ కూడా పెంచాం.

మోటారులో ఫ్లక్స్ పెంచి ఎక్కువైన శక్తిని మోటారులోనే వేడిగా పోగొట్టే ఫ్లక్స్ బ్రేకింగ్ అనే దారి కూడా ఉంది. ఒకటి రెండు కిలోవాట్లు మిగిలే ఇలాంటి చోట అది పనిచేసేదే. ఫర్నేస్ పక్కన ఆ మోటారు ఇప్పటికే వేడి మీద ఉంది, దిగుళ్లు కూడా తరచుగా ఉంటాయి కాబట్టి దాని జోలికి పోలేదు. డీసీ ఇంజెక్షన్ పెట్టమని ఒకరు సలహా ఇచ్చారు. అది పూర్తిగా ఆపడానికే తప్ప 20 దగ్గర నిలపడానికి కాదు. ఆపడానికి వాడినా ఇంపెల్లర్ శక్తి రోటరులో వేడిగా మారుతుంది. బరువైన ఫ్యాన్‌కి దాన్ని పదేపదే వాడడం నాకు ఇష్టముండదు.

రెసిస్టర్ ఎప్పుడు తప్పదో కూడా చెప్పాలి. ఇదే ఫ్యాన్‌ని 30 సెకన్లలో నిలపాల్సి వచ్చిందనుకుందాం. సమానమయ్యే చోటు 41 హెర్ట్జ్‌కి పోతుంది. వెనక్కి వచ్చే పవర్ 24 హెర్ట్జ్ దగ్గర గరిష్ఠంగా 17 కిలోవాట్ల దాకా వెళ్తుంది, మోటారు నష్టాలు పోగా 14 అనుకోవచ్చు. మొత్తం దిగుడులో గాలి తినగా తిరిగి వచ్చేది 270 కిలోజౌళ్ల దగ్గర ఉంటుంది. గమనించాల్సింది ఏమిటంటే, ఇంపెల్లర్‌లో ఉన్న 806లో మూడింట రెండు వంతులు అప్పుడు కూడా గాలే తినేస్తోంది. ఆ సంగతి పట్టించుకోకుండా 806 మొత్తాన్నీ రెసిస్టర్‌కి లెక్క కడితే మూడింతల సైజు వస్తుంది. చాపర్ 780 వోల్టుల దగ్గర ఆన్ అవుతుందంటే, 14 కిలోవాట్లు తినడానికి రెసిస్టర్ 43 ఓమ్‌లు మించకూడదు. చాపర్ తయారీదారు చెప్పిన కనీస ఓమ్‌ల కంటే తగ్గకూడదు కూడా. చాపర్‌లోని ట్రాన్సిస్టర్ షార్ట్ అయిందంటే రెసిస్టర్ బస్‌కి నేరుగా తగిలి ఎర్రగా కాలుతూ ఉండిపోతుంది, డ్రైవ్‌కి స్టాప్ ఇచ్చినా ఆగదు. అందుకే రెసిస్టర్ మీది థర్మల్ స్విచ్‌ని డ్రైవ్ ఇన్‌పుట్ కాంటాక్టర్‌నే పడేసేలా వైరింగు చేయాలి. దుమ్ము కమ్మే ఫౌండ్రీ షెడ్డులో, బయట పెడితే సముద్రపు ఉప్పుగాలిలో, ఆ రెసిస్టర్ బ్యాంకుని ఎవరు ఎప్పుడు తుడుస్తారన్నది కూడా ఖర్చులో కలుపుకోవాల్సిందే.

ట్రిప్ తర్వాత జరిగే ఇంకో సంగతి అక్కడివాళ్లని బాగా విసిగించింది. ఫాల్ట్ రీసెట్ చేసి వెంటనే స్టార్ట్ నొక్కితే మళ్లీ అదే ఫాల్ట్, కొన్నిసార్లు ఓవర్‌కరెంట్. డ్రైవ్ చెడిపోయిందనుకున్నారు. డ్రైవ్ సున్నా నుంచి ఫ్రీక్వెన్సీ మొదలుపెడుతుంది, ఫ్యాన్ అప్పటికి ఇంకా 20 హెర్ట్జ్ వేగంలో తిరుగుతూనే ఉంటుంది. డ్రైవ్ దృష్టిలో అది చాలా కఠినమైన బ్రేకింగ్, బస్ వెంటనే ఎగురుతుంది. దీనికి ఫ్లయింగ్ స్టార్ట్ ఆన్ చేయాలి. అప్పుడు డ్రైవ్ ముందుగా ఫ్యాన్ ఎంత వేగంలో ఉందో వెతికి, ఆ ఫ్రీక్వెన్సీ దగ్గరే అందుకుంటుంది. గాలి ఎదురు తోసి ఫ్యాన్ వెనక్కి తిరిగే చోట్ల రెండు దిశల్లోనూ వెతికే ఆప్షన్ ఎంచుకోవాలి. అది కూడా పెట్టి, తిరుగుతున్న ఫ్యాన్ మీద స్టార్ట్ ఇచ్చి చూపించాను.

మార్పులు చేశాక అసలు పరీక్ష హీటు పోసేటప్పుడు, వేడి పొగ మీదే చేశాం. దిగుడంతా బస్ 620 దాటలేదు, 20కి దగ్గరయ్యేకొద్దీ అవుట్‌పుట్ పవర్ సున్నా దగ్గర ఆడింది. ఆ తర్వాత ఒకసారి బ్యాగులు బాగా పూడుకుపోయిన రోజున ఓవర్‌వోల్టేజ్ కంట్రోల్ అందుకుని దిగుడుని కొంత సాగదీసిందని, ఫ్యాన్ మాత్రం ఆగలేదని షిఫ్ట్ ఇన్‌చార్జి ఫోన్ చేసి చెప్పాడు. అతను ఇప్పుడు దాన్ని బ్యాగులు మార్చాల్సిన సూచనగా వాడుకుంటున్నాడు. దిగడానికి 57 సెకన్ల కంటే ఎక్కువ పడుతోందంటే ఫిల్టర్ ముందూ వెనకా ప్రెజర్ తేడా చూస్తాడు.

పూర్తిగా ఆపడానికి కోస్ట్‌నే ఉంచాం. దానివల్ల బస్ మీద ఏ భారమూ లేదు, కానీ ఒక ప్రమాదం ఉంది. స్టాప్ నొక్కిన క్షణంలోనే డ్రైవ్ డిస్‌ప్లే 0.0 హెర్ట్జ్ చూపిస్తుంది. ఇంపెల్లర్ మాత్రం తిరుగుతూనే ఉంటుంది. మన లెక్క ప్రకారం ఒక నిమిషం తర్వాత కూడా అది పావు వేగంలో ఉంటుంది, మూడు నిమిషాలకి పదో వంతులో. ఆ చివరి మెల్లటి తిరుగుడు బేరింగుల రాపిడితో ఆగడానికి ఇంకా చాలాసేపు పడుతుంది. డిస్‌ప్లేని నమ్మి ఎవరైనా ఇన్‌స్పెక్షన్ తలుపు తెరిస్తే చెయ్యి పోతుంది. అందుకే కప్లింగ్ దగ్గర ఒక ప్రాక్సిమిటీ స్విచ్ పెట్టించి, కప్లింగ్ బోల్టు దాని ముందు నుంచి దాటడం పూర్తిగా ఆగి, ఆపైన ఇంకొంత సమయం గడిచాకే తలుపు లాక్ విడిపోయేలా పీఎల్‌సీలో రాయించాను. ఆ స్విచ్ బ్రాకెట్ వెల్డింగు పెద్దాయనే దగ్గరుండి చేయించారు.